మంగళగిరి బట్ట, టిష్యూ ప్యాటర్న్: కత్తెర పట్టే ముందు రాసుకున్న డైరీ

శనివారం పొద్దున

పని: పొట్టి చేతుల కాటన్ టాప్. బట్ట: తెనాలి నుంచి పెద్దమ్మ పంపిన లేత ఆకుపచ్చ మంగళగిరి చేనేత, రెండున్నర మీటర్లు, 44 అంగుళాల పన్నా, రెండు పక్కలా సన్నటి జరీ అంచు. ప్యాటర్న్: ఇక్కడ న్యూజెర్సీలో కుట్టు సామాను అమ్మే షాపులో కొన్న కవరు. లోపల మడతలు పెట్టిన పల్చటి గోధుమరంగు టిష్యూ కాగితం, ఒక సూచనల కాగితం ఉన్నాయి. దిండు గలీబులు కుట్టాను, చీరలకు ఫాల్ వేశాను. ఒంటి మీద వేసుకునే బట్ట కుట్టడం ఇదే మొదలు. అందుకే టిష్యూ మీది ప్రతి గుర్తూ ఎందుకుందో తెలిశాకే కత్తెర తీయాలనుకున్నాను. ఈ డైరీలో ఎక్కువ భాగం ఆ కత్తెరకు ముందు పనే.

మన దగ్గర టైలర్ టేపు మెడలో వేసుకుని కొలతలు తీసి, బట్ట మీదే సుద్దతో గీస్తాడు. చేతికి ముందు వైపు ఏది, టక్కు ఎక్కడ ఆగాలి అన్నవి అతని బుర్రలోనే ఉంటాయి. గీసేదీ కోసేదీ కుట్టేదీ ఒకే మనిషి, లేదా ఒకే గదిలో ఉన్న మనుషులు. టిష్యూ ప్యాటర్న్ గీసినవాళ్లు నన్ను ఎప్పుడూ చూడలేదు. వాళ్లు చెప్పాల్సిందంతా కాగితం మీద గుర్తుల్లో పెట్టాలి. 1863లో మసాచుసెట్స్‌లోని స్టెర్లింగ్ అనే ఊళ్లో ఎబెనీజర్ బటరిక్ అనే టైలర్ సైజుల వారీగా కాగితపు ప్యాటర్న్‌లు అమ్మడం మొదలుపెట్టాడు. ఆ కాలపు కాగితాల మీద అచ్చు ఉండేది కాదు. దిశకూ డార్ట్‌లకూ, అంటే మన టక్కులకూ, రంధ్రాలు పొడిచేవారు, అంచున చిన్న గాట్లు పెట్టేవారు. ఇప్పుడు అచ్చులో కనిపించే చుక్కలూ త్రికోణాలూ చేసే పని అదే.

ముందుగా సైజు. టిష్యూ మీద 10 నుంచి 18 దాకా ఐదు సైజుల గీతలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. షాపుల్లో నేను కొనే సైజు ఇక్కడ పనికిరాదు, ప్యాటర్న్ సైజుల పట్టిక వేరు. నా ఛాతీ 36 అంగుళాలు, అది ఈ పట్టికలో 14. ముందు భాగం మీద ఛాతీ గీత దగ్గర, కుట్టాక టాప్ ఎంత చుట్టుకొలత ఉంటుందో అచ్చు వేశారు: సైజు 14కి 39½. అంటే ఒంటికీ బట్టకీ మధ్య మూడున్నర అంగుళాల వదులు. నాకు అది సరిపోతుంది.

నా సైజు గీతను ఎర్ర స్కెచ్ పెన్నుతో చుట్టూ గీసుకున్నాను. గీతతో పాటు ఆ సైజుకు చెందిన గుర్తులను కూడా దిద్దాలి. నాచ్‌లు, అంటే గీత మీది చిన్న త్రికోణాలు, ప్రతి సైజు గీత మీదా విడిగా ఉన్నాయి. డార్ట్ చుక్కలైతే ఐదు వరుసగా ఏటవాలుగా పడి ఉన్నాయి, పక్కన చిన్న అంకెలు. 14 గీత మీద కోసి 12 చుక్క దగ్గర డార్ట్ కుడితే అది పావు అంగుళం పక్కకు పడుతుంది. కోసేశాక ఏ చుక్క ఎవరిదో వెతకడం కష్టం, ఇప్పుడే రంగు వేస్తే ఇక తడుముకోనక్కర్లేదు.

టిష్యూ ముడతలు పోవడానికి ఇస్త్రీ పెట్టె అతి తక్కువ వేడి మీద, ఆవిరి ఆపేసి ఒకసారి తోశాను. ముడతలు ఉన్న కాగితం నిజమైన కొలత చూపించదు. ఆవిరి తగిలితే అదే కాగితం ముడుచుకుపోతుంది.

శనివారం మధ్యాహ్నం

కాగితాలన్నీ సోఫా మీద పరచి గుర్తులను మూడు గుంపులుగా చూసుకున్నాను. బట్ట మీద కాగితం ఎలా పెట్టాలో చెప్పేవి కొన్ని, కోసేటప్పుడు పనికొచ్చేవి కొన్ని, కుట్టేటప్పుడు పనికొచ్చేవి కొన్ని. కాగితం మీద అన్నీ ఒకే నల్ల రంగులో ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకు కంగారు. ఏ గుర్తు ఏ వేళకు పనికొస్తుందో తెలిస్తే సగం టెన్షన్ పోతుంది.

ముందు భాగం కాగితం మధ్య అంచున పొడుగాటి గీత ఉంది. దాని రెండు కొసలూ అంచు వైపు వంగి బాణాలయ్యాయి. ఇది మడత గుర్తు. బట్టను రెండుగా మడిచి, సరిగ్గా ఆ మడత మీద ఈ అంచు ఆనాలి. ఆ అంచున కత్తెర పడకూడదు. అక్కడ మార్జిన్, అంటే కుట్టు కోసం వదిలే బట్ట, కూడా లేదు, ఎందుకంటే అక్కడ కుట్టే రాదు. దీన్ని చూడకుండా నాలుగు వైపులా కోసేస్తే, మధ్యలో మార్జిన్ లేని రెండు సగాలు చేతికొస్తాయి. వాటిని కలిపి కుడితే కుట్టులోకి అంగుళంలో ఐదు ఎనిమిదో వంతుల చొప్పున రెండు వైపులా పోయి, చుట్టుకొలత అంగుళంపావు తగ్గుతుంది. మడత నుంచి కాగితం ఒక నూలు ఇవతలికి జరిగినా లెక్క రెట్టింపవుతుంది: పావు అంగుళం ఖాళీ వదిలితే ముందు భాగం అర అంగుళం వెడల్పెక్కి మెడ జారుతుంది.

వెనక భాగానికి మడత గుర్తు లేదు. కాగితం నడిమిలో రెండు కొసలా బాణాలున్న నిటారు గీత ఉంది, పక్కన కట్ 2 అని ఉంది. వీపు మధ్యలో కుట్టు వస్తుంది, పైన మెడ దగ్గర తలదూర్చడానికి చీలిక. ఈ నిటారు గీత గ్రెయిన్‌లైన్. అది పడుగు దారాల వెంట ఉండాలి, అంటే బట్ట పొడుగుకు సమాంతరంగా.

మగ్గం మీద పడుగు బిగించి ఉంటుంది, పేక దాని గుండా అటూ ఇటూ నడుస్తుంది. అందుకే పడుగు వెంట లాగితే బట్ట దాదాపు సాగదు. పేక వెంట కాస్త సాగుతుంది. ఐమూలగా లాగితే బాగా సాగుతుంది, మన వాళ్లు క్రాస్ అనేది అదే. పడుగు నిటారుగా కిందికి దిగితే బట్ట తిన్నగా వేలాడుతుంది. గ్రెయిన్‌లైన్ కొద్దిగా పక్కకు వాలితే కుట్టేటప్పుడు ఏమీ తెలియదు. రెండు మూడు ఉతుకుల తర్వాత పక్క కుట్టు మెల్లగా పొట్ట మీదికి తిరుగుతుంది. పైజమా కాలు మెలి తిరగడం చాలామంది చూసే ఉంటారు, కారణం ఎక్కువగా ఇదే. ఆ తర్వాత సరిచేయడానికి వీల్లేదు, కోత దగ్గరే జరిగిపోయిన విషయం అది.

శనివారం రాత్రి

పొడవు మార్పు. నా వెనక మెడ ఎముక నుంచి నడుము దాకా 15¾ అంగుళాలు. సైజు 14కి వాళ్లు అనుకున్నది 16½. ముందు, వెనక కాగితాల మీద ఛాతీకి కింద, నడుముకు పైన, దగ్గర దగ్గరగా రెండు సమాంతర గీతలున్నాయి, పొడవు తగ్గించుకోవడానికీ పెంచుకోవడానికీ అవే చోటు. కింద అంచు దగ్గర కోసేసి తగ్గించుకుంటే నడుము వంపు నా నడుముకు కిందే ఉండిపోతుంది. ఆ రెండు గీతల దగ్గర మడత పెడితే వంపు పైకి వస్తుంది.

ముప్పావు అంగుళం తగ్గాలి కాబట్టి మడత లోతు దానిలో సగం, 3/8. రెండు కాగితాలకూ అంతే మడిచి టేపు అంటించాను. ఇక్కడ గ్రెయిన్‌లైన్ మరో పని చేసింది. మడిచాక మడతకు పైనున్న గీతా కిందున్న గీతా ఒకే రేఖలో ఉండాలి. వెనక కాగితానికి స్కేలు పెట్టి చూస్తే రెండు ముక్కలూ తిన్నగా కలిశాయి. కలవకపోతే మడత ఒక వైపు లోతుగా పడిందని అర్థం. పక్క అంచు మడత దగ్గర చిన్న మెట్టులా అయింది, దాన్ని పైనుంచి కిందికి నున్నటి గీతగా దిద్దాను.

ఆదివారం

ఈ రోజంతా నాచ్‌ల మీదే గడిచింది. నాకు అన్నింటికంటే నచ్చింది ఇదే.

నాచ్ అంటే కోత గీత మీద కూర్చున్న చిన్న నల్ల త్రికోణం. కొన్నిచోట్ల ఒకటి, కొన్నిచోట్ల రెండు పక్కపక్కన. ఏ ముక్క ఏ ముక్కతో ఎక్కడ కలవాలో చెప్పేది ఇదే. ముందు చంక వంపు మీద ఒకటి ఉంది, వెనక చంక వంపు మీద జంట. చేతి కాగితం పై వంపులో ఒక పక్క ఒకటి, ఇంకో పక్క జంట. ఒంటి నాచ్ ఒంటి దానితో, జంట జంటతో. ముందుకు ఒకటి, వెనక్కి రెండు, చేతుల విషయంలో ఇది దాదాపు అన్ని పెద్ద కంపెనీల ఆచారం. చేతి ముక్క చూడ్డానికి రెండు వైపులా ఒకేలా ఉంటుంది కానీ ముందు వంపు కొంచెం లోతు, వెనక వంపు కొంచెం నిండు. కోశాక కంటితో చూసి చెప్పడం కష్టం. ఎడమ చెయ్యి కుడి వైపు కుట్టేస్తే చెయ్యి ముందుకు చాపినప్పుడల్లా వీపు పట్టేస్తుంది.

పెద్దమ్మకు వీడియో కాల్‌లో టిష్యూ చూపించాను. నలభై ఏళ్లుగా బ్లౌజులు కుడుతున్న మనిషి, కాగితం అక్కర్లేకుండా కోస్తుంది.

“ఇన్ని త్రికోణాలు దేనికే? నేనైతే చేతి మధ్యలో ఒక గాటు పెడతా, ముందు వైపు అర అంగుళం లోతు తీస్తా. అంతే కదా!”

“నువ్వు లోతు తీసిన వైపు ఏదో నీకు గుర్తుంటుంది పెద్దమ్మా. నాకు ఈ ఒంటి త్రికోణమే గుర్తు.”

“సరే, మరి చేతి మధ్య గాటు ఏదీ?”

దానికి టిష్యూ మీద పెద్ద చుక్క ఉంది, చేతి వంపు నెత్తిన. అది భుజం కుట్టుకు కలవాలి. చూపించాక ఆవిడ తృప్తిపడింది. తర్వాత అసలు మాట అంది: “అంచు మాత్రం చేతికి రావాలమ్మాయ్. అంచు పారేసి మంగళగిరి బట్ట కుట్టడమేంటి?” దాని సంగతి తర్వాత రాస్తాను.

ఫోను పెట్టేశాక చేతి వంపు కొలిచాను. ఇక్కడ ఒక నియమం: కొలత కోత గీత మీద కాదు, కుట్టు గీత మీద తీసుకోవాలి. ఈ ప్యాటర్న్‌లో మార్జిన్ 5/8 అంగుళం, అంటే దాదాపు ఒకటిన్నర సెంటీమీటరు, కాగితంలోనే కలిపి ఉంది. కానీ ఐదు సైజులున్న కాగితం మీద కుట్టు గీత అచ్చు వేయరు. కాబట్టి నా ఎర్ర గీతకు లోపలగా 5/8 దూరంలో పెన్సిల్‌తో చుక్కలు పెట్టుకుంటూ వంపు గీశాను. వంపు మీద టేపును పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి నడిపిస్తే సరిగ్గా తిరుగుతుంది.

ముందు చంకలో నాచ్ నుంచి భుజం కుట్టు దాకా 5½. చేతి మీద ఒంటి నాచ్ నుంచి నెత్తి చుక్క దాకా 6. వెనక చంకలో జంట నాచ్ నుంచి భుజం దాకా 5¾. చేతి మీద జంట నాచ్ నుంచి చుక్క దాకా 6⅜. నాచ్‌ల కింద చంక అడుగు దాకా మాత్రం రెండూ సమానం, ముందు 3¼, వెనక 3¾.

అంటే చెయ్యి, అది కూర్చోవాల్సిన చంక కంటే పెద్దది. ముందు అర అంగుళం, వెనక 5/8, మొత్తం 1⅛. ఇది అచ్చు తప్పు కాదు. భుజం కొస గుండ్రం మీదుగా బట్ట తిరగడానికి కావలసిన అదనం. ఆ అదనమంతా పై వంపులోనే ఉండాలి, చంక అడుగున ఉండకూడదు. నాచ్‌లు చెప్తున్నది ఈ సంగతే: మా కింద సమానంగా కుట్టు, మా పైన సర్దుకో. నెత్తి చుక్కకు అటూ ఇటూ ఉన్న చిన్న చుక్కలు, ఆ అదనాన్ని దగ్గరకు లాగే వదులు కుట్టు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో చూపిస్తాయి. నాచ్‌లు పట్టించుకోకుండా చంక అడుగు నుంచి కుట్టుకుంటూ పోతే, మిగిలిన అంగుళం పైచిలుకు బట్ట చివర్లో ఒకేచోట కుచ్చుగా పోగవుతుంది.

ఉన్ని బట్టయితే ఆవిరి పెట్టి ఈ అదనాన్ని కుదించేయవచ్చు. కాటన్ అంతగా లొంగదు. అయినా 1⅛ను ఆరున్నర, ఆరు అంగుళాల చొప్పున రెండు పక్కలా పరిస్తే కుచ్చు లేకుండా కూర్చుంటుంది. ఇది ఒకటిన్నర దాటి ఉంటే ఈ బట్టకు నేను తగ్గించుకునేదాన్ని.

సాయంత్రం పక్క కుట్లు సరిచూశాను. వెనక భాగం పక్క అంచు చంక నుంచి కింది గీత దాకా 16. ముందు భాగం 17¾. మొదట చూస్తే నాచ్‌లు కూడా ఎదురెదురు రావు. కానీ ముందు భాగం పక్కన ఛాతీ డార్ట్ ఉంది, అంటే మన బ్లౌజు టక్కు. దాని నోరు కుట్టు గీత దగ్గర 1¾ వెడల్పు. కాగితం మీదే డార్ట్ రెండు గీతలూ కలిపి మడిచి, గుండుసూది గుచ్చి, మళ్లీ ముందు కాగితాన్ని వెనక కాగితం పక్కన నడిపించాను. 16కు 16. డార్ట్ కిందున్న నాచ్ వెనక నాచ్ మీద కూర్చుంది.

మడిచినప్పుడు ఇంకోటి అర్థమైంది. డార్ట్ నోటి దగ్గర కోత గీత తిన్నగా లేదు, చిన్న ముక్కులా బయటికి పొడుచుకొచ్చింది. డార్ట్ కుట్టి కిందికి మడిచాక ఆ ముక్కు సరిగ్గా పక్క మార్జిన్‌తో కలిసిపోతుంది. చూడ్డానికి అనవసరంగా ఉందని దాన్ని తిన్నగా కోస్తే పక్క కుట్టులో డార్ట్ కొస అందదు.

మంగళవారం సాయంత్రం

బట్ట సంగతి. ముందే గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి ఉతికి ఆరేశాను. 98 అంగుళాల పొడుగు 96 అయింది. చేనేత కాటన్‌ను ఉతక్కుండా కోస్తే ఆ రెండు అంగుళాల వంతు టాప్ లోంచి పోతుంది.

తర్వాత బట్ట కొస తిన్నగా ఉందో లేదో చూడాలి. షాపులో చించినా కోసినా కొస పేక దారం వెంటే ఉందని నమ్మకం లేదు. కొస దగ్గర ఒక పేక దారం పట్టుకుని మెల్లగా లాగితే బట్టలో అడ్డంగా సన్నటి సందు కనిపిస్తుంది. ఆ సందు వెంట కోశాను. ఇప్పుడు ఆ కొసనూ పక్క అంచునూ టేబుల్ మూలకు ఆనిస్తే మూల కుదరాలి. కుదరకపోతే బట్ట నేత ఒరిగి ఉందన్నమాట, తడి మీద ఐమూలగా లాగి సరిచేయాలి. నాది కొద్దిగా ఒరిగింది. తడిపి, పొట్టిగా ఉన్న మూలలు రెండూ పట్టుకుని లాగి, అలాగే ఆరబెట్టాను. బట్టే ఒరిగి ఉంటే బాణం గీతను ఎంత జాగ్రత్తగా పెట్టినా లాభం లేదు.

ఇప్పుడు అంచు. మంగళగిరి బట్టలో జరీ అంచు బట్ట పొడుగునా, రెండు పక్కలా నడుస్తుంది. గ్రెయిన్‌లైన్ మాట విని అన్ని ముక్కలూ నిలువుగా పెడితే అంచు ఏ పక్క కుట్టులోకో పోతుంది, లేదా ముక్కల సందుల్లో మిగిలిపోతుంది. టాప్ అడుగున అంచు రావాలంటే కాగితాన్ని అడ్డం తిప్పి, బాణం పేక వెంట పెట్టాలి. ఇది నేను ఒప్పుకోలేదు. ఈ టాప్ కింది గీత తిన్నగా లేదు, పక్కలకు పోను కొద్దిగా పైకి వంగింది. తిన్నటి అంచు మీద వంకర గీత కూర్చోదు. అదీగాక ఒంటి భాగం పొడుగు, అది నిటారుగా వేలాడాల్సిన ముక్క.

చేతి సంగతి వేరు. పొట్టి చెయ్యి, దాని కింది గీత తిన్నగా ఉంది. చేతిని అడ్డం తిప్పితే బాణం పేక వెంట వస్తుంది. ఈ బట్టను నాలుగు అంగుళాల మేర రెండు వైపులా లాగి చూశాను, పడుగుకూ పేకకూ సాగులో తేడా చాలా కొద్దిగా ఉంది. మామూలు నేత, రెండు వైపులా ఒకే లావు నూలు. కాబట్టి పొట్టి చేతికి ఈ మార్పు నష్టం చేయదు. పేకలో సాగే దారం ఉన్న బట్టయితే ఇలా తిప్పకూడదు. తిప్పడమంటే సరిగ్గా తొంభై డిగ్రీలు. కాస్త ఏటవాలుగా పెడితే అది అటు పడుగూ కాదు, ఇటు పేకా కాదు. అప్పుడు ఒక చెయ్యి ఒకలా, ఇంకో చెయ్యి ఇంకోలా వేలాడుతుంది.

బట్ట అంచు దానంతట అదే దారం ఊడని కొస. అందుకని చేతి అడుగున మడత మార్జిన్ అక్కర్లేదు. టిష్యూ మీద కింది మడత గీత దగ్గర కాగితాన్ని వెనక్కి మడిచేశాను. ఆ మడత బట్ట అంచు కొసకు ఆనుతుంది.

బుధవారం రాత్రి

కాగితాలు బట్ట మీద పెట్టాను. బట్టను నిలువునా రెండుగా మడిచాను, జరీ అంచులు రెండూ ఒకదాని మీద ఒకటి. పన్నా ఇప్పుడు 22 అంగుళాలు. ముందు భాగం మడత మీద. దాని తర్వాత వెనక భాగం. మిగిలిన పొడుగులో అంచు వైపు చెయ్యి, మడత వైపు మెడ లోపలికి వేసే ఫేసింగ్ ముక్కలు. బట్ట రెండు పొరలు కాబట్టి చెయ్యి ఒక్కసారి కోస్తే కుడి ఎడమలు రెండూ వస్తాయి, రెండింటికీ అంచు దక్కుతుంది. ఒంటి పొర మీద కోయాల్సి వస్తే రెండో చేతికి కాగితం తిరగేసి పెట్టాలి, లేకపోతే రెండూ ఒకే చేతివి అవుతాయి.

వెనక భాగానికి గ్రెయిన్‌లైన్ కుదిర్చిన విధం ఇది. బాణం పై కొస నుంచి బట్ట అంచు దాకా టేపు పెడితే 8¼. కింది కొస నుంచి 8⅝. కంటికి తిన్నగానే కనిపించింది, కానీ మూడు ఎనిమిదో వంతుల వాలు ఉంది. పై కొస దగ్గర ఒక గుండుసూది గుచ్చి, అక్కడ కాగితాన్ని కదలనివ్వకుండా, కింది కొసను అంచు వైపు జరిపాను. రెండూ 8¼ అయ్యాక కింద సూది. బాణం నడిమిలో మరోసారి కొలిచి, అదీ 8¼ అయ్యాకే చుట్టూ సూదులు గుచ్చాను. ముందు చుట్టూ సూదులు పెట్టేసి తర్వాత కొలిస్తే కాగితం జరగదు, చిరుగుతుంది.

కొలత బట్ట చివరి కొస నుంచి తీసుకోలేదు. జరీ దగ్గర నేత బిగువు వేరు, చివరి కొస అక్కడక్కడా అలలా ఉంది. జరీ ముగిసి ఆకుపచ్చ మొదలయ్యే గీత కూడా పడుగు దారమే, అది తిన్నగా ఉంది. టేపును ఆ గీతకు పెట్టాను. మన అంచు బట్టలతో టిష్యూ ప్యాటర్న్ కుట్టేవాళ్లకు ఇది పనికొస్తుంది.

చేతికి బాణం అంచుకు అడ్డంగా ఉండాలి కాబట్టి మూలమట్టం స్కేలు పెట్టాను. ఒక భుజం అంచు గీత మీద, ఇంకో భుజం బాణం మీద.

శుక్రవారం

కోశాను. బట్టను గాల్లోకి ఎత్తకుండా, కత్తెర కింది అలుగు టేబుల్‌కు ఆనిస్తూ పోయాను. నాచ్ దగ్గర త్రికోణాన్ని బయటికి ఉంచి చుట్టూ కోశాను. మార్జిన్‌లోకి చిన్న గాటు పెట్టడం వేగమే, చాలామంది అలాగే చేస్తారు. కానీ ఈ చేనేతకు దారం త్వరగా ఊడుతుంది. గాటు పావు అంగుళం పెట్టినా ఊడుతూ కుట్టు గీత దాకా పోవచ్చు. జంట నాచ్‌ను విడివిడిగా కాకుండా ఒకే పీటలా కోశాను, పైన రెండు మొనలతో.

కోశాక కాగితం వెంటనే తీయలేదు. చుక్కల పని ఇప్పుడే ఉంటుంది, కాగితం తీసేస్తే చుక్కల చోటు పోయినట్టే. నాకు కావలసినవి: ముందు భాగంలో డార్ట్ చుక్కలు, నోటి దగ్గర రెండు, మొనకు ఒకటి. వెనక మధ్య కుట్టులో చీలిక ఆగే చుక్క. చేతి నెత్తి పెద్ద చుక్క, దాని పక్క చిన్న చుక్కలు.

ఒక్కో చుక్క మధ్యలోంచి గుండుసూదిని నిలువుగా రెండు పొరలూ దాటేలా గుచ్చాను. కాగితాన్ని సూది తల మీదుగా మెల్లగా లేపి, సూది దిగిన చోట పై పొర మీద పెన్ను చుక్క, బట్ట తిరగేసి కింది పొర మీద సూది బయటికొచ్చిన చోట ఇంకో చుక్క. పెన్ను నీళ్లతో పోయే నీలం రంగుది. ముందే వ్యర్థం ముక్క మీద గీసి తడిపి చూశాను, పోయింది. గీసిన చోట ఇస్త్రీ పెడితే ఆ రంగు బట్టలో ఉండిపోవచ్చు, కాబట్టి తడిపి తీసేదాకా ఇస్త్రీ లేదు. డార్ట్ మొనకు మాత్రం పెన్నును నమ్మలేదు. రెండు పొరల్లోంచి జంట దారం వదులుగా ఉంగరంలా వేసి, పొరలు కాస్త ఎడంగా లాగి మధ్యలో దారం కోశాను. రెండు వైపులా దారపు కుచ్చులు నిలిచాయి. మొన పావు అంగుళం అటూ ఇటూ అయితే ఛాతీ మీద బట్ట మొనదేలి కనిపిస్తుంది, అందుకే అక్కడ ఈ శ్రమ.

మరో జాగ్రత్త. ఈ బట్టకు ముఖం వైపూ వెనక వైపూ ఒకేలా ఉంటాయి. సూదులు తీసే ముందే ప్రతి ముక్క లోపలి వైపు చిన్న కాగితం టేపు ముక్క అంటించి, దాని మీద పేరు రాశాను: ముందు, వెనక ఎడమ, వెనక కుడి, చెయ్యి. పేరు లేకపోతే రెండు వెనక ముక్కలూ ఒకే వైపువి అన్నట్టు కలిపే ప్రమాదం ఉంది.

శుక్రవారం రాత్రి

కుట్టకుండా సూదులతో కలిపి చూశాను. డార్ట్ నోటి చుక్కలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి మొన దాకా సూదులు. పక్క కుట్టులో నాచ్‌లు కలిశాయి, చంక దగ్గరా కింద అంచు దగ్గరా కొసలు సమంగా వచ్చాయి. భుజాలు కలిపి, చేతిని చంకలో పెట్టాను: ఒంటి నాచ్ ముందు, జంట వెనక, నెత్తి చుక్క భుజం మీద. నాచ్‌ల కింద బట్ట చదునుగా పడింది. పైన మాత్రం ఆ అదనం చిన్న చిన్న ఉబ్బులుగా, చుక్కకు రెండు వైపులా. ముందు కంటే వెనక కాస్త ఎక్కువ, కొలతలో చూసినట్టే.

రేపు మిషన్ మీద వరుస: ముందు డార్ట్‌లు. తర్వాత వీపు మధ్య కుట్టు, చీలిక చుక్క దగ్గర మొదలుపెట్టి కిందికి, మొదట్లో రెండు సార్లు వెనక్కి కుట్టి గట్టిపరచి. భుజాలు, పక్కలు అయ్యాక చేతి చిన్న చుక్కల మధ్య పొడుగు కుట్టు రెండు వరుసలు, ఒకటి 5/8 గీతకు కొంచెం లోపల మార్జిన్‌లో, ఇంకోటి అంచుకు దగ్గరగా. దారం మొనలు రెండు వైపులా పొడుగ్గా వదలాలి.